శూకధాన్యానికి తొమ్మిదో వంతు: లీలావతి రాశివ్యవహార సూత్రం – దిగువ కృష్ణా డెల్టా ధాన్యరాశి

వ్యాససంగ్రహం:

నేలమీద పోసిన ధాన్యరాశి అడుగు చుట్టుకొలతను బట్టి దాని ఘనపరిమాణాన్ని అంచనా వేసే సూత్రం భాస్కరాచార్యుని లీలావతి (క్రీ.శ. 1150) రాశివ్యవహారంలో ఉంది. వృత్తపరిధిని వ్యాసానికి మూడు రెట్లుగా తీసుకున్నందువల్ల ఇది స్థూలమైన సూత్రమని ఆధునిక పాఠకులు సాధారణంగా భావిస్తారు. సూత్రంలోని నిర్ణాయకాంశం ఆ సంఖ్య కాదని, ధాన్యానికి అది పెట్టిన పేరు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో కనిపించే రాశుల రకాలకు సూత్రాన్ని అన్వయించి, అది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తప్పుతుందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లీలావతి, రాశివ్యవహారం, వేధ, శూకధాన్యం, కళ్ళం, దివిసీమ, శాస్త్రవాఙ్మయ విమర్శ.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్యచరిత్రల్లో గణితగ్రంథాలకు దక్కే చోటు స్వల్పం. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లనను తొలి శాస్త్రానువాదకుడిగా పేర్కొంటారు. మూలంలోని జైనసంబంధమైన ఉదాహరణలను ఆయన శైవపరంగా మార్చిన తీరును ప్రస్తావిస్తారు. లీలావతిని ప్రకీర్ణగణితంగా తెలిగించినవాడని ఏలుగంటి పెద్దన పేరు చెబుతారు. ఆపైన చర్చ సాగదు. పద్యాల్లో లెక్కలున్నాయి, కవిత్వం లేదు అన్న అభిప్రాయం అక్కడ దాన్ని ఆపేస్తుంది. గణితం తెలిసినవారు మరోవైపు నుంచి వచ్చి, ఈ సూత్రాల్లో ఏవి సూక్ష్మమో ఏవి స్థూలమో తేల్చి పక్కన పెడతారు. మొదటివారు లెక్కను చదవరు, రెండోవారు మాటను చదవరు.

రాశివ్యవహారం ఈ రెండు చదువులనూ ఒకేసారి కోరే ప్రకరణం. బ్రహ్మగుప్తుడు (క్రీ.శ. 628) చెప్పిన ఎనిమిది వ్యవహారాల్లో రాశి ఒకటి. మహావీరుని విభాగాల్లో ఇది విడి వ్యవహారంగా కనిపించదు. అందువల్ల రాశికొలతను పరిశీలించడానికి భాస్కరుని పాఠమే అనువైన ఆధారం. అది ఒకే శ్లోకంలో ఇమిడిన సూత్రం. దాని వెంట రెండు మూడు ఉదాహరణలు, గోడల పక్కన పోసిన రాశులకు ఒక అనుబంధ నియమం ఉన్నాయి. ఈ చిన్న పాఠాన్ని దిగువ కృష్ణా డెల్టా కళ్ళంలో నిలబడి చదివితే దాని బలమూ పరిమితీ రెండూ తెలుస్తాయి.

2. సూత్రం చెప్పేది

సూత్రంలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం రాశి ఎత్తును చెబుతుంది. లావు ధాన్యమైతే చుట్టుకొలతలో పదో వంతు, సన్న ధాన్యమైతే పదకొండో వంతు, శూకధాన్యమైతే తొమ్మిదో వంతు ఎత్తు ఉంటుంది. రెండో భాగం ఘనఫలాన్ని చెబుతుంది. చుట్టుకొలతలో ఆరో వంతును వర్గించి, ఎత్తుతో గుణించాలి. కొలత హస్తాల్లో ఉంటే ఫలం ఘనహస్తాల్లో వస్తుంది. ఘనహస్తం ఒక మాగధఖారికి సమానం. చుట్టుకొలతను C అని, ఎత్తును h అని అనుకుంటే సూత్రం ఇలా ఉంటుంది:

V = (C/6)² × h

రెండో భాగం ఎలా వచ్చిందో తేలికగానే కనుగొనవచ్చు. వృత్తపరిధి వ్యాసానికి మూడు రెట్లు అనుకుంటే, వృత్తఫలం పరిధివర్గంలో పన్నెండో వంతు అవుతుంది. సూచ్యాకారపు ఘనఫలం అదే అడుగు, అదే ఎత్తు ఉన్న స్తంభంలో మూడో వంతు. పన్నెండో వంతులో మూడో వంతు ముప్పైయారో వంతు. అదే ఆరో వంతు వర్గం.

ఖచ్చితమైన విలువ తీసుకుంటే హారం 36 కాదు, సుమారు 37.7. కాబట్టి సూత్రం నిజమైన పరిమాణం కంటే దాదాపు 4.7 శాతం ఎక్కువ చూపుతుంది. ఆధునిక విమర్శ సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది. అయితే భాస్కరుడు ఇదే గ్రంథంలో క్షేత్రవ్యవహారంలో పరిధివ్యాసాల నిష్పత్తిని సూక్ష్మంగా 3927/1250 అని, వ్యవహారానికి 22/7 అని చెప్పాడు. సూక్ష్మవిలువ తెలిసినవాడు రాశి దగ్గర మూడుతో సరిపెట్టుకోవడం తెలియక చేసిన పని కాదు. ఎందుకు సరిపెట్టుకున్నాడన్నది విమర్శకుడు వేసుకోవలసిన ప్రశ్న. దానికి సమాధానం సూత్రం మొదటి భాగంలో ఉంది.

3. ‘వేధ’ అన్న మాట

రాశి ఎత్తుకు సూత్రం వాడిన మాట ‘వేధ’. గుచ్చడం, దూయడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన పదమిది. ఖాతవ్యవహారంలో, అంటే గుంటల కొలతలో, వేధ అంటే లోతు. అదే మాటను రాశి దగ్గర ఎత్తుకు వాడడం యాదృచ్ఛికంగా తోచదు. గుంట లోతు కంటికి కనబడుతుంది, తాడు వదిలి కొలవవచ్చు. రాశి ఎత్తు రాశి కడుపులో ఉంటుంది. బయట కనబడేది వాలు మాత్రమే. శిఖరం నుంచి నేల వరకు నిట్టనిలువు కొలత కావాలంటే నడినెత్తిన కర్ర గుచ్చాలి. లేదా రెండు పక్కల గుంజలు పాతి, శిఖరాన్ని తాకేలా తాడు అడ్డంగా బిగించి, నేల నుంచి తాడు ఎత్తు కొలవాలి. వాలు వెంట తాడు పరిచి దాన్నే ఎత్తుగా తీసుకునేవారు పెద్ద పొరపాటు చేస్తారు. వడ్లరాశికి వాలు పొడవు నిలువు ఎత్తుకు దాదాపు ఒకటి ముప్పావు రెట్లు ఉంటుంది. ఫలం కూడా అన్ని రెట్లు పెరుగుతుంది.

సూత్రం ఎత్తును ముందు చెప్పి, ఘనఫలాన్ని తరువాత చెప్పడానికి కారణం ఇదే అనిపిస్తుంది. అది ఎత్తును కొలవమనడం లేదు, ధాన్యం పేరును బట్టి ఊహించమంటోంది. కొలవవలసింది చుట్టుకొలత ఒక్కటే. నేలమీద తాడు చుట్టి తెచ్చిన ఒక్క సంఖ్యతో మొత్తం లెక్క ముగుస్తుంది. శూకధాన్యానికి ఆ లెక్క చుట్టుకొలత ఘనంలో 324వ వంతు.

ఊహకు ఆధారమేమిటి? పోసిన గింజలు ఒక వాలు దాకా నిలుస్తాయి, ఆపైన జారిపోతాయి. ఎంత పోసినా రాశి పెద్దదవుతుందే గాని వాలు మారదు. ఆ వాలు గింజ ఆకారాన్ని బట్టి, పైపొర గరుకును బట్టి ఉంటుంది. సూత్రంలోని మూడు భిన్నాలను కోణాలుగా మారిస్తే తొమ్మిదో వంతు సుమారు 35 డిగ్రీలు, పదో వంతు సుమారు 32 డిగ్రీలు, పదకొండో వంతు 30 డిగ్రీల లోపు వస్తుంది. పొడి వడ్లు 35 డిగ్రీల చుట్టుపక్కల నిలుస్తాయని ఇప్పటి కొలతలూ చెబుతున్నాయి. గరుకు పొట్టు ఉన్న గింజ నిటారుగా నిలుస్తుంది, నున్నగా గుండ్రంగా ఉన్నది జారుతుంది. ఈ అనుభవాన్ని సూత్రం మూడు పేర్లలో నిలిపింది.

4. పేరు తప్పితే

భాస్కరుడు ఇచ్చిన ఉదాహరణలోని అంకెలే పేరు విలువను చూపుతాయి. చుట్టుకొలత 60 హస్తాలున్న రాశి లావు ధాన్యమైతే 600 ఖారులు. సన్న ధాన్యమైతే 545కు కొంచెం పైన. శూకధాన్యమైతే 666కు కొంచెం పైన. తాడు ఒకటే, లెక్క ఒకటే, మారింది పేరు ఒక్కటే. సన్న ధాన్యానికీ శూకధాన్యానికీ మధ్య తేడా 22 శాతం. పరిధిని మూడు రెట్లుగా తీసుకోవడం వల్ల వచ్చే తేడా ఐదు శాతం కూడా లేదు. ఏ తప్పు పెద్దదో స్పష్టమే. గింజను సరిగా గుర్తించనివాడికి 3927/1250 ఏ మేలూ చేయదు. భాస్కరుడు సూక్ష్మవిలువను ఇక్కడ వాడకపోవడానికి ఇదే హేతువుగా కనిపిస్తుంది.

అందువల్ల ఈ శ్లోకాన్ని తెలుగు చేసేవారికి అసలు పరీక్ష సంఖ్యల దగ్గర కాదు, నామవాచకాల దగ్గర ఎదురవుతుంది. శూకమంటే గింజ కొసన ఉండే ముల్లు. శూకధాన్యమనగానే యవలు, వరి గుర్తుకు వస్తాయి. లావు ధాన్యానికి శనగలు, సన్న ధాన్యానికి ఆవాలు ఉదాహరణలుగా చెప్పడం పరిపాటి. దిగువ కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతకు ముందే పొలంలో మినుము చల్లుతారు. వరి తరువాత మినుములో పెసలో పండుతాయి. ఒకే రైతు కళ్ళంలో ఒకే ఏడు వడ్లరాశి, మినుముల రాశి రెండూ కనబడతాయి. మొదటిది తొమ్మిదో వంతుకు, రెండోది పదో వంతుకు చెందుతాయి. ‘ధాన్యరాశి’ అని ఒక్క మాటతో అనువదించినవారు ఈ తేడాను చెరిపేస్తారు. అలాంటి అనువాదం చదవడానికి సాఫీగా ఉంటుంది, కొలవడానికి పనికిరాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశముంది. డెల్టాలో ఇప్పుడు విస్తారంగా పండే స్వర్ణ, సాంబమసూరి వంటి రకాలకు ముల్లు లేదు. శూకం లేని వడ్లు శూకధాన్యమా? గింజ కొసన ముల్లు లేకపోయినా పొట్టు గరుకుగానే ఉంటుంది, దాని మీద సన్నని నూగు ఉంటుంది. వాలును నిలిపేది ముఖ్యంగా ఆ గరుకే. కాబట్టి ‘శూకం’ అన్న పేరు లక్షణాన్ని పట్టుకుంది గాని కారణాన్ని పూర్తిగా పట్టుకోలేదు. ‘ముల్లున్న ధాన్యం’ అని మాటకు మాటగా తెలిగిస్తే ఈనాటి వడ్లు ఆ వర్గం నుంచి జారిపోతాయి. ‘వడ్ల వంటి పొట్టుగింజలు’ అంటే నిలుస్తాయి.

ఇసుక ఈ పరిమితిని మరింత స్పష్టం చేస్తుంది. గింజ పరిమాణాన్ని బట్టి చూస్తే ఇసుకను సన్న ధాన్యంతో చేర్చి పదకొండో వంతు తీసుకోవాలనిపిస్తుంది. కాని పొడి ఇసుక సుమారు 34 డిగ్రీల వాలులో నిలుస్తుంది. అంటే ఎత్తు చుట్టుకొలతలో దాదాపు 9.3వ వంతు. పరిమాణంలో ఆవగింజ కంటే చిన్నదైనా ప్రవర్తనలో వడ్లకు దగ్గర. కారణం ఇసుకరేణువు గుండ్రంగా కాక అంచులతో ఉండడం. పదకొండో వంతు వాడితే ఎత్తు, దానితో పాటు ఫలం, సుమారు 15 శాతం తగ్గిపోతుంది. తడి ఇసుక ఇంకా నిటారుగా నిలుస్తుంది. పైగా కొద్దిపాటి తేమకే సన్న ఇసుక ఉబ్బి, 20 నుంచి 30 శాతం దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ కుప్పను ఎంత సరిగా కొలిచినా కొలిచింది ఇసుకతో పాటు మధ్యనున్న ఖాళీని కూడా. కృష్ణ ఇసుకకు సూత్రం రెండో భాగం పనికొస్తుంది, మొదటి భాగం పనికిరాదు. అక్కడ ఎత్తును గుచ్చి కొలవవలసిందే.

5. ఒక రాశి – ఐదు బస్తాలు

సూత్రాన్ని పూర్తిగా అన్వయించి చూడటానికి సమతలమైన కళ్ళంలో గుండ్రంగా పోసిన ఒక వడ్లరాశిని ఊహించవచ్చు. తాడు చుట్టి చూస్తే అడుగు చుట్టుకొలత 36 మూరలు. తొమ్మిదో వంతు 4 మూరలు, అదే ఎత్తు. మూరను 18 అంగుళాలుగా తీసుకుంటే ఇది ఆరడుగులు, అంటే మనిషి నిలువు. చుట్టుకొలతలో ఆరో వంతు 6, దాని వర్గం 36, ఎత్తుతో గుణిస్తే 144 ఘనమూరలు. ఇది 486 ఘనపుటడుగులు, అంటే సుమారు 13.8 ఘనమీటర్లు. ఆరిన వడ్లు ఘనమీటరుకు సుమారు 575 కిలోలు తూగుతాయనుకుంటే బరువు 7,900 కిలోల పైచిలుకు. 75 కిలోల బస్తాలు 105.

ఇప్పుడు హారాన్ని 37.7గా మార్చి అదే రాశిని లెక్కిస్తే 137.5 ఘనమూరలు వస్తాయి. బస్తాలు 101కి దగ్గర. తేడా సుమారు ఐదు బస్తాలు.

ఈ ఐదు బస్తాలు ఎవరివి అన్నది గణితప్రశ్న కాదు. రాశిని కుంచంతో కొలిచి పంచితే ఎవరికీ నష్టం లేదు. అంచనాను బట్టి పంచితే నష్టం ఒకరి మీద పడుతుంది. సగపాలుకు సేద్యం చేసిన రైతు అంచనా ప్రకారం భూస్వామికి 52 బస్తాల పైన కొలిచి ఇస్తే, అతనికి మిగిలేది 48. రాశి మొత్తాన్ని అంచనా మీద కొన్న వర్తకుడైతే నష్టం వర్తకుడిది. సూత్రం ఎప్పుడూ ఎక్కువవైపే తప్పుతుంది. కాబట్టి రాశిలో కొంత భాగాన్ని ఇవ్వవలసినవాడికి అది ప్రతికూలం, రాశిని అమ్మేవాడికి అనుకూలం. స్థూలమని కొట్టివేసే విమర్శ గాని, ప్రాచీనమని మెచ్చుకునే విమర్శ గాని ఈ పక్షపాతాన్ని గమనించదు.

అయితే పరిధి విలువను సరిచేసినంత మాత్రాన న్యాయం జరుగుతుందని భ్రమపడకూడదు. అదే రాశికి తాడు ఒక్క మూర ఎక్కువ చూపిందనుకుందాం. చుట్టుకొలత 37 అయితే ఎత్తు కూడా తొమ్మిదో వంతుగా పెరుగుతుంది, ఫలం 156 దాటుతుంది. అంటే ఎనిమిదిన్నర శాతం ఎక్కువ. ఒక్క మూర తాడు పొరపాటు మూడు రెట్ల పరిధి అనే పొరపాటు కంటే పెద్దది. ఈ మూర ఎక్కడి నుంచి వస్తుందో కళ్ళంలో నిలబడినవారికి తెలుసు. రాశి పాదం గీత గీసినట్లు ముగియదు. వాలు జారిన గింజలు పలుచగా పరుచుకుని అంచును చెదరగొడతాయి. ఆ చెదురుగింజల బయట తాడు వేసినవాడికి ఒక కొలత, లోపల వేసినవాడికి మరో కొలత వస్తాయి. తాడు వేసేముందు చెదురుగింజలను ఊడ్చి రాశికి చేర్చడం ఇద్దరికీ క్షేమం.

ఎత్తును కూడా విడిగా కొలిస్తే పరిస్థితి మెరుగుపడుతుంది. 37 మూరల తాడు పొరపాటు జరిగినా ఎత్తు 4 మూరలుగా విడిగా తేలితే తప్పు ఐదున్నర శాతానికి తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం, తొమ్మిదో వంతు అప్పుడు ఊహగా గాక పరీక్షగా మారుతుంది. చుట్టుకొలత ఎత్తుకు తొమ్మిది రెట్లకు దగ్గరగా ఉంటే రాశి తనంతట తాను నిలిచినదని అర్థం. పదకొండు, పన్నెండు రెట్లుంటే శిఖరం చదునైందో, పాదం పరుచుకుందో, గింజల్లో తేడా ఉందో చూడాలి. ఎనిమిది రెట్లకు తగ్గితే వడ్లు తడిగా ఉన్నాయని అనుమానించాలి. తేమ గింజలను అంటిపెట్టి వాలును పెంచుతుంది. ధాన్యం సేకరణలో తేమ 17 శాతం మించకూడదన్న నిబంధన ఉన్నచోట ఈ అనుమానానికి విలువ ఉంది. అయినా ఈ పరీక్షకు కనబడేది పైభాగం మాత్రమే. అడుగున మట్టిదిబ్బ ఉన్నా, నడుమ తాలు కలిసినా తాడుకు తెలియదు. భాస్కరుని ఉదాహరణ రాశిని సమతలమైన నేలమీద ఉన్నదిగా ప్రత్యేకించి చెప్పడం అలంకారం కాదు, లెక్కకు షరతు.

6. గోడ, మూల, రోడ్డు

గోడకు ఆనించి పోసిన రాశికి లీలావతి విడిగా నియమం చెప్పింది. గోడ పక్కన పోసింది సగం రాశి, గది లోపలి మూలలో పోసింది పావు రాశి, గోడ బయటి మూలను చుట్టి పోసింది ముప్పావు రాశి. కనిపించే వంపు కొలతను వరుసగా 2, 4, 4/3తో గుణించి పూర్తి చుట్టుకొలత తెచ్చుకోవాలి. ఫలం కట్టిన తరువాత అదే గుణకంతో భాగించాలి. గుడివాడ ప్రాంతపు మిల్లు గోదాములో మూలకు పోసిన వడ్లను ఊహిస్తే, కనిపించే వంపు 9 మూరలు అయినప్పుడు పూర్తి చుట్టుకొలత 36, ఎత్తు 4, పూర్తి ఫలం 144, అందులో పావు 36 ఘనమూరలు.

ఈ నియమంలో క్రమమే ప్రాణం. ముందు గుణించకుండా 9 మూరలనే చుట్టుకొలతగా తీసుకుంటే ఎత్తు ఒక మూర అవుతుంది, ఫలం 2.25 ఘనమూరలు అవుతుంది. అసలు ఫలంలో పదహారో వంతు. కళ్ళెదుట మనిషి నిలువు రాశి ఉండగా లెక్క మూరెడు ఎత్తు చెబుతుంటే తప్పు వెంటనే తెలుస్తుంది. తెలియని తప్పు మరొకటుంది. తాడును గోడ వెంట కూడా తిప్పి తెచ్చి, ఆ మొత్తాన్ని గుణించడం. ఆ ఫలం నమ్మదగినదిగానే కనిపిస్తూ చాలా ఎక్కువ వస్తుంది. గోడ వెంట ఉన్నది రాశి కోత, పాదం కాదు.

సూత్రం పూర్తిగా చేతులెత్తేసే చోటు ఈనాటి రోడ్డు. యంత్రంతో కోసిన వడ్లు తడిగా వస్తాయి. మచిలీపట్నం నుంచి అవనిగడ్డ, నాగాయలంక వరకు రోడ్డు అంచుల మీద, పట్టాల మీద వాటిని ఆరబెడతారు. సాయంత్రానికి పొడవాటి గట్టులా చేర్చి కప్పుతారు. అటువంటి గట్టు వెడల్పు 6 మూరలు, పొడవు అర్ధవృత్తపు కొసలు కాక 30 మూరలు, వాలు వడ్లవాలే అనుకుంటే ఎత్తు సుమారు 2.1 మూరలు. దాని అసలు ఘనపరిమాణం దాదాపు 209 ఘనమూరలు. చుట్టుకొలత 79 మూరలు. కొలిచిన ఎత్తుతో సూత్రం వాడితే 364 వస్తుంది. తొమ్మిదో వంతు ఎత్తుతో వాడితే 1,500 దాటుతుంది. గట్టును రాశిగా భావించడమే ఇక్కడ తప్పు. దీన్ని త్రికోణపు కోతగా చూసి, సగం వెడల్పును ఎత్తుతోను పొడవుతోను గుణించి, రెండు కొసలను కలిపి ఒక చిన్న రాశిగా చేర్చాలి.

కొద్దిగా కోలగా ఉన్న రాశి కూడా ఇదే తప్పును చిన్నగా చేస్తుంది. తూర్పారబట్టినప్పుడు గింజలు గాలివాలుకు కోలగా పడతాయి. ఒకే చుట్టుకొలతలో ఎక్కువ చోటును ఇమిడ్చేది వృత్తం. కోల అడుగులో చోటు అంతకంటే తక్కువే. అందుకే తూర్పారబట్టిన తరువాత పొలి చెబుతూ రాశిని గుండ్రంగా చేర్చే పని ఆచారంగా కనిపించినా కొలతకు సిద్ధం చేయడం కూడా.

7. ముగింపు

లీలావతి రాశిసూత్రంలో ఘనఫలం కంటే ముందు నిలిచింది గింజ స్వభావం. మూడు పేర్లు, మూడు భిన్నాలు అందులోని అసలు జ్ఞానం. పరిధిని మూడు రెట్లుగా తీసుకోవడం దానికి లోబడిన సౌకర్యం మాత్రమే. ఈ దృష్టితో చూస్తే శాస్త్రపద్యాలను అంచనా కట్టే పద్ధతి మారుతుంది. గణితగ్రంథాల తెలుగు అనువాదాలను సంఖ్యలు సరిగా వచ్చాయా అన్న ప్రశ్నతో పాటు, వస్తువుల పేర్లు ఏ పొలం నుంచి వచ్చాయన్న ప్రశ్నతోనూ పరీక్షించాలి. శూకధాన్యాన్ని ఏ తెలుగుమాటతో చెప్పారన్నది ఇక్కడ శైలికి సంబంధించిన విషయం కాదు, లెక్కను 22 శాతం దాకా కదిలించగల విషయం.

అంచనా కొలతకు ప్రత్యామ్నాయం కాదని కూడా ఇదే పాఠం తేలుస్తుంది. తెలుగు కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అని మొదలుపెట్టి ‘రెండు’ అంటారు. ఆ లెక్క కుంచం కుంచంగా చివరిదాకా సాగుతుంది. తాడు చెప్పిన 105కు కుంచం చెప్పిన 101కి మధ్య ఉన్న తేడాను చూడగలిగేవాడు రెండూ చేసినవాడే. సూత్రం తాడు దగ్గరే ఆగింది. ఆ తేడాలోని ఐదు బస్తాలు ఎవరి వాటాలో తగ్గాయో చెప్పేది కుంచం.